కళ్ళు మూసుకుంటే ఎవరూ కనిపించని కోడలు

ఆ వీధిలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. మందుల దుకాణం పక్కన, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత గదిలో ఆమె కుట్టుమిషను ఉండేది. కొత్త బట్టలు కుట్టడం తక్కువ. సరిపోని బట్టల్ని సరిచేయడమే ఆమె పని. లావెక్కినవాళ్ళకు కుట్లు విప్పి వదులు చేసేది, చిక్కినవాళ్ళకు లోపలికి మడిచి బిగించేది, అన్న చొక్కాను తమ్ముడికి దించేది. ఎవరైనా వచ్చి, "ఇక్కడ ఒక మడత పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి" అంటే, "నాకు ఊహలు రావమ్మా, తొడుక్కుని నిలబడు" అని గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని టేపు మెడలోంచి లాగేది. గుడ్డను మనిషి మీద పెట్టి, సూది గుచ్చి, దూరంగా జరిగి చూస్తే గాని ఆమెకు తెలిసేది కాదు. కానీ ఒకసారి వేళ్ళతో తడిమిందంటే ఇక ఆ భుజం వంపు మరిచిపోయేది కాదు.

ఇంట్లో ముగ్గురే మనుషులు. ఆమె, లిఫ్టులు బాగుచేసే భర్త, అత్తగారు. అత్తగారి లెక్కలో మాత్రం నలుగురు. ఆ నాలుగోవాడు వంటింటి పక్కన చెక్క అరలో ఉండే పాకే కృష్ణుడు. అరచేతిలో ఇమిడే ఇత్తడి విగ్రహం. పెద్దావిడ వాణ్ణి బుజ్జిగాడు అని పిలిచేది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు వేలితో ముట్టుకుని చూసి మరీ స్నానం చేయించేది. తుడిచి, బట్ట కట్టి, గంధం పెట్టి, పువ్వు పెట్టి, దీపం చూపించి, పాలు తాగించేది. చలిగా ఉంటే కంబళి ముక్క కప్పేది.

"ఇన్నెందుకత్తయ్యా, ఒక్క దణ్ణం పెడితే చాలదూ?" అని కోడలు కొత్తలో అడిగింది.

"ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మంలోనే దణ్ణం పెట్టి పంపించేస్తామా? రమ్మంటాం, కూర్చోమంటాం, కాళ్ళకి నీళ్ళిస్తాం, తినడానికి ఏదో పెడతాం. ఇదీ అంతే. మర్యాద చెయ్యగా చెయ్యగా చుట్టరికం కలుస్తుంది. కొంతమందికి ఆయన యజమాని, కొంతమందికి స్నేహితుడు. నాకు కొడుకు. నీ మొగుడు పుట్టకముందునించీ వీడే పెద్దాడు."

"అయితే నాకు బావగారన్నమాట" అంది కోడలు. అత్తగారు పడీ పడీ నవ్వింది.

ఆ బావగారికి బట్టలు కుట్టడం కోడలి వంతు. కత్తిరించగా మిగిలిన పట్టు ముక్కల్లో మంచివి ఏరి, బొటనవేలంత చొక్కాలు, వెనక ముడివేసే తాళ్ళతో సహా కుట్టేది. పాకే భంగిమ కాబట్టి కుడి మోకాలి దగ్గర గుడ్డ ఎగదన్నేది. అక్కడ ఒక చిన్న కోత పెట్టి సర్దేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమెకు మనసు నిండుగా ఉండేది. చిక్కల్లా కుట్టడం అయ్యాక, సాయంత్రం ఇద్దరూ కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడే.

"ముందు పాదాలు చూడు" అని అత్తగారు మెల్లగా చెప్పేది. "తర్వాత మోకాళ్ళు, మొలతాడు, మెడలో హారం. ఒక్కోచోటా నిలబడి చూడు, పరిగెత్తకు. అలా మొహం దాకా వచ్చి, అన్నీ వదిలేసి ఆ నవ్వొక్కటే పట్టుకో."

కోడలు కళ్ళు మూసుకునేది. నల్లగా ఉండేది. అంతే. పాదాలూ లేవు, నవ్వూ లేదు. ఆమెకు అది వింతగా తోచేది కాదు. అందరికీ అంతేననీ, 'చూడు' అంటే 'తలుచుకో' అని అర్థమనీ అనుకుంది. ఏళ్ళకేళ్ళు అలాగే గడిచిపోయాయి.

కోడలు నలభయ్యో పడిలో పడ్డాక ఒక సాయంత్రం అత్తగారు కళ్ళు తెరిచి, "ఇవాళ వెధవ తల పక్కకి తిప్పాడే. కుండలం ఇలా ఊగింది" అని వేలు ఊపి చూపించింది.

కోడలు నవ్వి, "చూసొచ్చినట్టు చెప్తారు మీరు" అంది.

"చూశాను కాబట్టే చెప్తున్నా."

"నిజంగా చూడటమా? బొమ్మలాగా?"

పెద్దావిడ ఆమెవైపు విచిత్రంగా చూసింది. "అదేం ప్రశ్నే? కళ్ళు మూసుకుని మీ అమ్మని తలుచుకుంటే మొహం కనిపించదూ?"

కోడలు అక్కడికక్కడే కళ్ళు మూసుకుంది. ఆమె పెళ్ళయిన కొత్తలోనే తల్లి పోయింది. తల్లి ముక్కు మీద మచ్చ ఉందని తెలుసు. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి ఉంటుందని తెలుసు. ఆ గొంతులో జీర తెలుసు, చేతికి అంటుకున్న సబ్బు వాసన తెలుసు. అన్నీ తెలుసు గాని మొహం లేదు. నల్లటి గుడ్డ పరిచినట్టు ఉంది.

"కనిపించదండి" అంది.

మరునాడు మిషను దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగింది. మందుల దుకాణం అతనికి చచ్చిపోయిన కుక్క కూడా కనిపిస్తుందట. భర్తకు లిఫ్టు లోపలి తీగలన్నీ రంగులతో సహా కనిపిస్తాయట. తనకొక్కదానికే లోపల ఏమీ లేదు. కన్నతల్లి మొహమే నిలవని మనసులో దేవుడెలా నిలుస్తాడు? ప్రేమ ఉంటే కనిపించి ఉండేవారు కదా! ఆ ఆలోచన ముల్లులా దిగింది. సాయంత్రాలు పని ఉందని చెప్పి షాపులోనే ఉండిపోవడం మొదలుపెట్టింది. అత్తగారు రెండుమూడుసార్లు పిలిచి ఊరుకుంది.

ఆ రోజుల్లోనే లంగాకు అంచు కుట్టించుకోవడానికి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చింది. ఎదురు వీధిలో సైకిళ్ళ షాపు మీది గదిలో కొంతమందిని కూర్చోబెట్టి ధ్యానం చెప్తుందని విని కొలతలమ్మ అడిగింది. "మీ దగ్గర ఏ దేవుణ్ణి చూడాలమ్మా?"

"ఎవర్నీ చూడక్కర్లేదు" అంది టీచరమ్మ.

ఆ మాటకే ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు.

ఆ పైగదిలో చాపలు తప్ప ఏమీ లేవు. పటం లేదు, దీపం లేదు. సున్నం వేసిన గోడ, కిటికీ, కింద సైకిలు గంటలు. టీచరమ్మ ముందు మాటలు సరిచేసింది. "ఆకారం లేదనడం వేరు, గుణం లేదనడం వేరు. ఆకారం లేని దేవుణ్ణి కూడా దయామయుడు, తండ్రి, వెలుగు అనుకుని మొక్కేవాళ్ళున్నారు. అక్కడ ఆకారం లేదు గాని గుణాలున్నాయి. నిర్గుణం ఇంకా అవతలిది. ఇలా ఉంటుంది అని ఏ మాట చెప్పినా ఆ మాటలో పట్టదు. మంచిది అన్నా, పెద్దది అన్నా హద్దు గీసినట్టే."

"మరి దాన్ని పట్టుకునేదెలా?"

"పట్టుకోవడానికి అది ఎదురుగా ఉంటేగా! కానివన్నీ పక్కకి పెట్టుకుంటూ పోవాలి. ఈ చెయ్యి నాకు తెలుస్తోంది, కాబట్టి తెలుసుకునే నేను చెయ్యి కాదు. కోపం వచ్చిందని తెలుస్తోంది, కాబట్టి నేను కోపం కాదు. తలపు వచ్చింది, పోయింది. రావడం, పోవడం ఎవరికి తెలిసింది? ఆ తెలివి దగ్గర ఆగు. అది నీదీ నాదీ అని రెండు ముక్కలుగా లేదంటారు పెద్దలు. అది నమ్మకంగా పెట్టుకోకు, వెతికి చూసుకో."

కొలతలమ్మకు ఇది చేతికి అమరిన కత్తెరలా అనిపించింది. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుంటే ఇల్లూ ఆఫీసూ, గొడవపడిన మొహాలూ కనిపించి సతమతమయ్యేవారు. ఆమెకు తోసిపారెయ్యాల్సిన బొమ్మలే లేవు. లోపల వినిపించే మాటలు ఉండేవి, 'ఆ జాకెట్టు రేపటికివ్వాలి' లాంటివి. వాటిని విని వదిలేస్తే చాలు, కొంతసేపటికి అవీ సద్దుమణిగేవి. ఇన్నాళ్ళూ లేమి అనుకున్నది ఇక్కడ సొమ్ములా కనిపించింది. ఇంటికి వచ్చేటప్పుడు మొహం తేటగా ఉండేది.

"నువ్వూ పైకెళ్తున్నావన్నమాట" అన్నాడు భర్త. "నేను పొద్దున్నించీ జనాన్ని పైకి పంపుతూనే ఉన్నా, నాకొక్కడికీ మోక్షం లేదు."

తేటతనంతో పాటు కొంచెం గీర కూడా వచ్చింది. వచ్చిన సంగతి ఆమెకు తెలియలేదు. బుజ్జిగాడి చొక్కా చిరిగింది, కొత్తది కుట్టమని అత్తగారు పట్టు ముక్క తెచ్చి ఇస్తే, "ఎందుకత్తయ్యా ఇవన్నీ? అది ఇత్తడి" అనేసింది.

పెద్దావిడ పట్టు ముక్కను మడతపెట్టి కొంగున ముడేసుకుంది. "ఇత్తడని నాకు తెలీదనుకున్నావా? రోజూ తోమేది నేనే" అంది. ఆ తర్వాత తనే, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, వంకర కుట్లతో ఒక చొక్కా కుట్టింది. చేతులు రెండూ పొడుగూ పొట్టీగా వచ్చాయి. అదే తొడిగింది.

కొలతలమ్మ ఈ సంగతి పైగదిలో చెప్పింది, కాస్త మెచ్చుకుంటుందేమోనన్న ఆశతోనే. టీచరమ్మ మెచ్చుకోలేదు.

"ఆవిడ ఇత్తడికి మొక్కుతోందని నీకెవరు చెప్పారు? రమ్మని పిలిచినవాడికి మొక్కుతోంది. ఆ విగ్రహం ఆయన్ని కూర్చోబెట్టిన చోటు. మనసుకి ప్రేమించడానికి ఒక మొహం కావాలి, సేవ చెయ్యడానికి ఒక చెయ్యి కావాలి. నేనంటే ఈ ఒళ్ళే అనుకుని బతికే మనలాంటివాళ్ళకి రూపం లేనిదాని వెంట పోవడం చాలా కష్టమని పెద్దలు ఊరికే అనలేదు. ఆవిడ దారి తక్కువదీ కాదు, నీ దారి ఎక్కువదీ కాదు. రూపం తప్పు కాదమ్మా, అంతటివాడూ ఆ రూపంలోనే ఇరుక్కుపోయాడనుకుంటే తప్పు."

"నాకు మాత్రం ఇక్కడ హాయిగా ఉంది."

"హాయిగానే ఉంటుంది. నువ్వు సగం రోజులు నిద్రపోతున్నావు" అంది టీచరమ్మ. "మెడ వాలట్లేదు కాబట్టి నీకు తెలీట్లేదు. ఏమీ లేని మబ్బులో కూర్చుంటే అది నిర్గుణం అయిపోదు. నల్లగా ఉంది అన్నావు చూడు, ఆ నలుపు కూడా నీకు తెలుస్తున్నదే. దాన్నీ పక్కన పెట్టాలి. తెలిసేవాడు మెలకువగా ఉన్నాడా లేదా, అదీ సంగతి."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది ఆమెకు. ఇంటికి వచ్చి అత్తగారికి క్షమాపణ చెబుదామనుకుంది. పెద్దావిడ మామూలుగానే అన్నం వడ్డించింది. చెప్పాలనుకున్న మాట కంచంలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అత్తగారు స్నానాలగది దగ్గర కూలబడిపోయింది. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు, ఒక చెయ్యి పడిపోయింది. ఆసుపత్రిలో లోపలి వార్డుకు విగ్రహం తీసుకురానివ్వరు. దానికి ఆవిడ బెంగపడలేదు. మాట తిరిగి రాగానే, "మనసులో చేసుకుంటాలే. అక్కడ నీళ్ళకీ పువ్వులకీ కరువేంటి?" అంది నాలుక మడతపడుతూ. కళ్ళు మూసుకుంది. కోడలు మంచం పక్కన చూస్తూ కూర్చుంది.

కాసేపటికి పెద్దావిడ మొహం ముడుచుకుపోయింది. కళ్ళు తెరిచి, మళ్ళీ గట్టిగా మూసింది. చేత్తో గాలిలో దేన్నో వెతికింది.

"అమ్మాయ్, వాడు కనిపించట్లేదే."

"నీరసం కదండీ, రేపటికి..."

"కాదే. ఎవరూ కనిపించట్లేదు. మీ మామయ్య మొహం కూడా లేదు. మొత్తం నల్లగా ఉంది. వాడికేం కోపం వచ్చిందే నామీద?"

డాక్టరమ్మ వచ్చి పరీక్షించింది. ఎదుటి వస్తువులు చూపిస్తే ఆవిడ అన్నీ సరిగ్గానే చెప్పింది. కళ్ళు మూసుకుని గులాబీ పువ్వును తలుచుకోమంటే ఏడ్చేసింది. "చూపు బాగానే ఉంది. లోపల బొమ్మ కట్టుకునే శక్తి దెబ్బతింది. కొంతమందికి తిరిగొస్తుంది, కొంతమందికి రాదు" అని డాక్టరమ్మ కోడలితో చెప్పింది. "భయపడకండి, మతిమరుపు కాదు. పుట్టుకతోనే ఇలా ఉండేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. చాలామందికి ఆ సంగతే తెలీదు."

"పుట్టుకతోనా?" అంది కొలతలమ్మ. "కన్నతల్లి మొహం కూడా కనిపించకుండానా?"

"అవును. కనిపించదంతే. ప్రేమకీ దానికీ ఏం సంబంధం లేదు."

డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. తను ఎంత మాట చెప్పిందో ఆమెకు తెలియదు. కొలతలమ్మ నడవాలోకి వచ్చి, మంచినీళ్ళ కుళాయి దగ్గర గోడకు ఆనుకుని, ఎవరికీ కనబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అందులో దుఃఖం ఎంతో, ఊరట ఎంతో ఆమే చెప్పలేదు.

ఇంటికి వచ్చాక పెద్దావిడ అర వైపు పోనేలేదు. విగ్రహం ఎదురుగా కూర్చోబెడితే చూసేది గాని, కళ్ళు మూయగానే వాడు మాయమయ్యేవాడు. అది ఓర్చుకోలేక మొహం తిప్పుకునేది. పాలు తాగడం మానేసింది. కోడలు తనకు తెలిసింది చెప్పబోయింది. "అత్తయ్యా, ఆ నల్లగా ఉన్నచోట భయపడాల్సింది ఏం లేదు. నేను పుట్టిందగ్గర్నించీ అక్కడే ఉన్నాను. కనిపించకపోతే లేనట్టు కాదు. ఆయన అంతటా ఉన్నాడు."

"అంతటా ఉన్నవాడితో నాకేం పనే?" అంది పెద్దావిడ కసురుకుంటూ. "నాకు పాలు తాగేవాడు కావాలి."

ఆకలేసిన మనిషికి ఆకలి నువ్వు కాదని చెప్తే ఏం లాభం అని కొలతలమ్మకు అనిపించింది. టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాలనిపించింది గాని వెళ్ళలేదు. అత్తగారికి పైగదిలో దొరికేది ఏమీ లేదని ఆమెకు అర్థమైంది. మిషను ముందు కూర్చుని, అలవాటుగా ఎదుటి గుడ్డ అంచును వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది. అలా తడుముతుండగానే ఒక దారి తోచింది.

మరునాడు పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి తువ్వాలు తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. విగ్రహాన్ని ఆవిడ మంచి చేతిలో ఉంచింది.

"కళ్ళు మూసుకోండి."

"ఎందుకూ, నల్లగా ఉంటుంది."

"ఉండనీండి. స్నానం చేయించండి."

పెద్దావిడ విసుక్కుంటూనే వేళ్ళు కదిపింది. పడిపోయిన చేతిని కోడలు కింద పట్టుకుంది. బొటనవేలు వీపు మీదుగా జారి, మడిచిన మోకాలి దగ్గర ఆగింది. అక్కణ్ణించి పాదం, బుల్లి వేళ్ళు. అక్కడే తిరిగి తిరిగి నిమిరింది. ఎన్నేళ్ళుగానో రోజూ తోమిన చేతులకు ఆ ఒళ్ళంతా కంఠతా వచ్చు. చెంప కూడా తుడిచి, వేలు నీళ్ళలో ముంచి చూసింది.

"నీళ్ళు చల్లారిపోయాయే. వీడికి జలుబు చేస్తుంది."

"మళ్ళీ పెట్టుకొస్తానండి" అంది కోడలు. వంటింట్లోకి పరుగెత్తుతూ భర్తను గుద్దుకుంది. అతను గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ రోజు పెద్దావిడ పాలు తాగింది, బుజ్జిగాడు తాగిన తర్వాతే. లోపలి బొమ్మ ఆవిడకు తిరిగి రాలేదు. వేళ్ళతో, వాసనతో, పేరుతో వాణ్ణి పిలుచుకోవడం అలవాటు చేసుకుంది. చందనం అరగదీయమని కోడలికి పురమాయించేది, వాసన చూసి "పల్చగా ఉంది" అని వంక పెట్టేది. కోడలు మళ్ళీ చొక్కాలు కుట్టడం మొదలుపెట్టింది. ఈసారి వేళ్ళకు తెలిసేలా, అంచున ఎత్తుగా దారం కుట్టు వేసి, గుండీ బదులు పూస పెట్టి కుట్టింది.

ఒక సాయంత్రం అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "ఆ మేడ మీద గదిలో చివరికి ఏముంటుందే?"

"ఏముందంటే చెప్పలేనండి. నేను అనేది కూడా కాసేపు పల్చబడుతుంది. లేచాక మళ్ళీ వచ్చి కూర్చుంటుంది."

పెద్దావిడ బుజ్జిగాడి చొక్కా సర్దుతూ అంది. "ఆ నవ్వొక్కటే పట్టుకోమనేదాన్ని కదూ. గట్టిగా పట్టుకుంటే ఆ నవ్వు కూడా పోయేది. చూసే నేనూ ఉండేదాన్ని కాదు. ఎంతసేపో! లేచాక మాత్రం నాకు వీడే కావాలి. మీ టీచరమ్మ దాన్నేమంటుంది?"

"తెలీదండి, అడుగుతాను."

"అడక్కులే. పేరు పెడితే మళ్ళీ గుణం అంటుంది" అని పెద్దావిడ పకపకా నవ్వింది. కోడలు పైగది గురించి ఇన్నాళ్ళూ చెప్పిన కబుర్లు ఆవిడ చెవిన వేసుకుంటూనే ఉందన్నమాట.

ఆవిడ ఆ తర్వాత చాలాకాలమే బతికింది. ఒకరోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. విగ్రహాన్ని ఏం చేద్దామని భర్త అడిగితే, కొలతలమ్మ ఆలోచించి, పాలపాకెట్లు వేసే ఆవిడకు ఇచ్చింది. పిల్లలు లేని ఆవిడ, అత్తగారితో గుమ్మంలో నిలబడి బుజ్జిగాడి ముచ్చట్లు చెప్పుకునేది. "నీకు ఉంచుకోవాలని లేదా?" అన్నాడు భర్త. "వాడికి రోజూ ఎత్తుకునే మనిషి కావాలండీ. నేను ఎత్తుకుంటాను గాని కబుర్లు చెప్పలేను" అంది. ఇచ్చి వచ్చిన రోజు మాత్రం ఆమె షాపు తెరవలేదు.

పైగదికి ఆమె ఇప్పటికీ వెళ్తుంది. టీచరమ్మకు ఓపిక తగ్గి, కొత్తవాళ్ళతో మాట్లాడే పని ఆమెకు అప్పగించింది. ఈమధ్య ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. భార్య పోయి ఏడాది తిరగలేదు. పదిరోజులు కూర్చుని, ఆ రోజు మెట్ల మీద చెప్పులేసుకుంటూ ఆగిపోయాడు.

"నావల్ల కావట్లేదమ్మా. నాకు ఎవరితోనన్నా మొర పెట్టుకోవాలని ఉంది. ఇక్కడ వినేవాళ్ళెవరూ లేరు. గోడకి చెప్పుకున్నట్టుంది. నాకు అర్హత లేదేమో."

"అర్హతకేం? మీకు మొహం కావాలి, అంతే. ఏ దేవుణ్ణి చూస్తే మీకు ఏడుపొస్తుందో ఆ దేవుడి దగ్గరికి వెళ్ళండి. వెళ్ళి గట్టిగా ఏడవండి, తిట్టండి కూడా. వింటున్నాడనుకునే తిట్టండి."

"మరి మీరు? మీకు ఎవరితోనూ చెప్పుకోబుద్ధెయ్యదా?"

"వేస్తుందండి. కాకపోతే ఎదురుగా ఎవరూ లేకపోతేనే నాకు నోరు పెగుల్తుంది. నా మనసు కుట్టు అలాంటిది."

డ్రైవరు తలూపి, మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె అతన్ని చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, చాప దులిపి పరుచుకుని, నిద్ర రాకుండా వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.